చార్టులో లేని మా ఊరి మనుషులు

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్య ప్రణాళికలు రాసే, ఆమోదించే, అవి నడుస్తున్నాయో లేదో తనిఖీ చేసే అధికారులందరికీ,

తుమ్మలపల్లె, వేముల మండలం, కడప జిల్లా నుంచి.

అయ్యా, అమ్మా,

'మనకు సహాయపడేవారు' అనే పాఠం గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. అంగన్‌వాడీ గదిలో ఏ చార్టు చూసినా వరుస ఒకటే. తెల్లకోటు డాక్టరు, టోపీ పోలీసు, ఎర్రబండి ఫైర్‌మ్యాన్, సంచి తగిలించుకున్న పోస్ట్‌మ్యాన్, నల్లబల్ల ముందు టీచరు. దాని కింద అందరికీ ఒకే అచ్చులో పోసిన పాట, గీతల లోపల రంగు నింపే కాగితం. వారం చివర పిల్లలకు కోట్లూ టోపీలూ తొడిగి నిలబెట్టి ఒక ఫొటో. ఫొటో పైకి వెళ్తే పాఠం అయిపోయినట్టు లెక్క. ఈ లెక్క నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో, దీని బదులు ఏం చేయవచ్చో మా ఊరి మీదనే చూపిస్తాను.

మా ఊళ్లో నాలుగేళ్ల పిల్లకు ఫైరింజను అంటే బొమ్మే. కానీ పొద్దున్నే వాల్వు తిప్పి నీళ్లు వదిలే మనిషిని ఆ పిల్ల రోజూ చూస్తుంది. ఒకటో తేదీ వాళ్ల అవ్వకు పింఛను తెచ్చే సచివాలయం అక్కను చూస్తుంది. స్తంభం ఎక్కే లైన్‌మన్‌ను, సంచి వేసుకుని ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తను, కాలువ తీసే మనిషిని, శిరస్త్రాణం పెట్టుకుని కంపెనీ బస్సు ఎక్కి షిఫ్టుకు పోయే తన సొంత నాన్నను చూస్తుంది. యురేనియం గని మా ఊరి పేరుతో 2012 నుంచి నడుస్తోంది. దేశానికి ఆ పేరు తెలుసు. ఆ గనిలోకి దిగే మనిషి మాత్రం ఆయన బిడ్డ చదివే గది గోడ మీద లేడు. తన కళ్లముందున్న వాళ్లు గోడ మీద లేకపోతే ఆ పిల్లకు అర్థమయ్యేది ఏమిటి? పని అనేది ఎక్కడో ఉన్న టోపీల వాళ్లు చేసేదనీ, మా నాన్న చేసేది లెక్కలోకి రాదనీ కాదా?

ఇంకొక మనిషీ ఆ గోడ మీద లేదు. పొద్దున ఇళ్లకు పోయి పిల్లలను చేయి పట్టుకుని తెచ్చే, వంట చేసే, ఒకటికి పోతే కడిగే ఆయమ్మ. ప్రభుత్వ కాగితాల్లో ఆమె ఉద్యోగమే సహాయకురాలు. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా అంగన్‌వాడీ కార్యకర్తలూ ఆయాలూ 42 రోజులు సమ్మె చేసినప్పుడు ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది, అంటే వీళ్లది ఆగిపోకూడని సేవ అని రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఆగిపోకూడని పని చేసే మనిషికి పిల్లల చార్టులో ఒక గడి ఇవ్వడానికి మీకు అడ్డం వచ్చిందేమిటి? గదిలోకి పిలవాల్సిన మొదటి అతిథి అప్పటికే ఆ గదిలో పప్పు కలుపుతూ ఉంది.

ఈ పాఠంలో ఒకే ఒక్క పనివాణ్ని తీసుకుని, వారం రోజులు ఎలా నడపవచ్చో చెబుతాను. మా ఊరికి తగినది నీళ్లు వదిలే మనిషే. మేం వాటర్‌మ్యాన్ అంటాం. ఈ సీమలో పిల్లలు మాటలు నేర్చేనాటికే 'నీళ్లు ఇడిచినారు' అనే మాట విని ఉంటారు. ఆ మాట వినగానే వీధంతా బిందెలతో కదలడం చూసి ఉంటారు. కాబట్టి పాఠం వాళ్ల కళ్లముందే ఉంది, టీచరు కొత్తగా తెచ్చేదేమీ లేదు.

మొదటి రోజు చార్టూ వద్దు, పాటా వద్దు. ఒక్క ప్రశ్న చాలు. 'మనింటికి నీళ్లు ఎట్లొస్తాయి?' పిల్లలు చెప్పేది టీచరు వినాలి. కొందరు 'కొళాయిలోంచి' అంటారు, కొందరు 'ట్యాంకీలోంచి' అంటారు, చాలామంది 'మా అమ్మ తెస్తుంది' అంటారు. ఈ మూడో జవాబు దగ్గరే చాలా గదుల్లో పాఠం చెడిపోతుంది. అమ్మ కాదమ్మా, వాటర్‌మ్యాన్ అని టీచరు దిద్దుతుంది. ఎందుకు దిద్దాలి? కొళాయి దగ్గర నుంచి ఇంట్లో తొట్టి దాకా నీళ్లు మోసేది అమ్మే. ఆ జవాబు తప్పు కాదు, సగం దారి. 'అమ్మ కొళాయి కాడికి పోతుంది సరే, కొళాయిలోకి ఎట్లొస్తాయి మరి?' అని అడిగితే పిల్ల మిగతా సగం వెతకడం మొదలుపెడుతుంది.

ఆ రోజే తెల్ల కాగితం ఇచ్చి 'నీళ్లు ఎట్లొస్తాయో గీయండి' అనాలి. ఇక్కడ మీరు పంపే రంగు నింపే కాగితం పనికిరాదు. దాంట్లో బొమ్మ ముందే గీసి ఉంటుంది, పిల్లకు మిగిలేది గీత దాటకుండా రుద్దడం. ఆ పిల్ల ఏం అనుకుంటోందో ఆ కాగితం ఎవరికీ చెప్పదు. తెల్ల కాగితం చెబుతుంది. మూడేళ్ల వాళ్లు గుండ్రంగా గీతలు గీకుతారు. పక్కన కూర్చుని 'ఇదేంది?' అని అడిగి, వాళ్లు చెప్పిన మాటను వాళ్ల మాటల్లోనే కింద రాయాలి. నాలుగేళ్ల వాళ్లు మనిషిని గీస్తే పెద్ద తల, తలలోంచే రెండు కాళ్లు వస్తాయి. అది లోపం కాదు, ఆ వయసు బొమ్మ అలాగే ఉంటుంది. చేతులు లేవని టీచరు పెన్సిలు లాక్కుని చేతులు అతికించకూడదు. ఐదేళ్లు దాటినవాళ్లు నేల గీత గీసి దాని మీద కొళాయి, బిందె, అమ్మ నిలబెడతారు. ఆ కాగితాల వెనక పేరు, తేదీ రాసి దాచాలి. వాటి అవసరం నాలుగు రోజుల తర్వాత వస్తుంది.

రెండో రోజు పాట. ఇప్పుడు నడుస్తున్న పాటల తీరు మీకు తెలియంది కాదు. డాక్టరు వస్తాడు, మందు ఇస్తాడు. పోలీసు వస్తాడు, దొంగను పడతాడు. పేరు మారుతుంది, మిగతా వరుస మారదు. పిల్లలు గట్టిగా పాడతారు, ఏ పనీ చేయరు. అభినయ గేయం అంటే చరణానికి ఒక పని ఉండాలి, ఆ పని చేత్తో చేసి చూపించేదై ఉండాలి. వాటర్‌మ్యాన్ మీద నేను కట్టిన పాట ఇది. చెమ్మచెక్కకు చేతులు చరిచే లయలో పాడుకోవచ్చు.

తిప్పు తిప్పు మామా, కడ్డీ తిప్పు
గుర్రున మోగె మోటారు చప్పుడు
సర్రున వచ్చె కొళాయి నీళ్లు
నిండెను బిందె, నిండెను కడవ
చాలును మామా, కడ్డీ తిప్పు
ఇంగ పక్క వీధికి నీళ్లు ఇడువు

మొదటి చరణానికి రెండు చేతులతో గుండ్రంగా తిప్పడం, రెండోదానికి గొంతులో గుర్రు, మూడోదానికి చేతులు పైనుంచి కిందికి, నాలుగోదానికి బిందె చంకనెత్తుకోవడం. మూడేళ్ల వాళ్లకు పాట నోటికి రాకపోయినా చేతులకు వస్తుంది. ఐదేళ్ల వాళ్లకు చివరి చరణం దగ్గర ఆగి, 'పక్క వీధికి ఎందుకు ఇడవాల?' అని అడగాలి. అందరికీ ఒకేసారి వదిలితే చివరి ఇళ్లకు ధార సన్నబడుతుందని మా వీధి పిల్లలు చూసే ఉంటారు. అది వాళ్ల చేత చెప్పించాలి. పాట పాడించడం వల్ల వచ్చే లాభం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

మూడో రోజు నడక. వీధి కొళాయి దాకా, వీలైతే ట్యాంకీ కింద దాకా. ఇక్కడ నేను మీకు ఒక పరిమితిని గట్టిగా చెప్పాలి. ఇరవై మంది పిల్లలను ఇద్దరు ఆడవాళ్లు నడిపించాలి. మా వైపు రోడ్ల మీద లారీలు తిరుగుతాయి. రోడ్డు దాటాల్సి వస్తే ట్యాంకీ దాకా పోవద్దు, సందులో కొళాయి చాలు. ఒక పొడుగు తాడుకు ముడులు వేసి ముడికి ఒకరిని పట్టించి, ముందు టీచరు, వెనక ఆయమ్మ నడవాలి. ఎండ ముదరకముందే వెనక్కి రావాలి. తల్లులను ఇద్దరిని తోడు రమ్మంటే ఇంకా మంచిది. ఎవరూ రాకపోతే నడక మానుకుని కొళాయి తిప్పే వేళకు గుమ్మంలో కూర్చోబెట్టినా తప్పులేదు. నడక జరగలేదని రిజిస్టరులో ఎర్రసిరాతో రాసే పర్యవేక్షకులను మీరు తయారుచేయకండి.

నాలుగో రోజు అతిథి. ఈ పాఠానికి గుండెకాయ ఇదే. అన్నిచోట్లా చెడిపోయేదీ ఇదే.

అతిథిని పిలవడమంటే కుర్చీ వేసి 'పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి' అనడం కాదు. అలా అంటే ఎవరైనా బాగా చదువుకోండి, చేతులు కడుక్కోండి అని చెప్పి లేస్తారు. ఆయన్ను ముందురోజు సాయంత్రమే కలిసి మూడు సంగతులు చెప్పాలి. ఒకటి, పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నాలుగేళ్ల పిల్లలు అంతకుమించి కూర్చోలేరు. రెండు, ఉపన్యాసం వద్దు, పని చేసి చూపించాలి. వాల్వు తిప్పే ఇనుప కడ్డీ, పాత వాల్వు ముక్క, ఒక పైపు ముక్క తెస్తే చాలు. కడ్డీ ఎంత బరువో పిల్లలు ఇద్దరిద్దరుగా పట్టుకుని చూస్తారు. మూడు, ట్యాంకీలో వేసే బ్లీచింగ్ పౌడరు మాత్రం తేవద్దు. కళ్లకూ ఊపిరికీ పడదు. ఖాళీ డబ్బా కూడా వద్దు, ఇంకో రోజు నిండు డబ్బా దగ్గరికి పిల్లలు పోతారు. వేళ కూడా ఆయన పనిని బట్టే పెట్టుకోవాలి. నీళ్లు వదలడం అయ్యాక పిలిస్తే ఆయన దినం పోదు, ఊరికి నీళ్లూ ఆగవు.

పిల్లలను ఆయనకు ముందే సిద్ధం చేయాలి. 'రేపు మామ వస్తాడు, ఏం అడుగుదాం?' అంటే నాలుగేళ్ల వాళ్లు ప్రశ్న అడగరు, తమ సంగతి చెబుతారు. 'మా ఇంట్లో నీలం డ్రమ్ము ఉంది' అంటారు. ఆ మాటనే టీచరు ప్రశ్నగా తిప్పాలి. 'వాళ్ల డ్రమ్ము నిండాలంటే ఎంతసేపు ఇడవాలో అడుగుదామా?' ఇలా మూడు ప్రశ్నలు తేలితే చాలు. నీళ్లు యాన్నుంచి వస్తాయి మామా? కరెంటు పోతే ఏం చేస్తావు? నువ్వు రాని పొద్దు ఎవరు ఇడుస్తారు? ఈ మూడింటికీ ఆయన చెప్పే జవాబుల్లో బోరు, మోటారు, ట్యాంకీ, ఆయన జ్వరం, ఆయన బదులు వచ్చే తమ్ముడు అన్నీ వస్తాయి. పనివాడికి ఒళ్లు నొప్పి పుడుతుందని, అతనికీ ఇల్లు ఉందని పిల్లలకు తెలిసేది అక్కడే.

ఇదే పద్ధతిలో ఏఎన్ఎం అక్కను పిలిస్తే ఒక జాగ్రత్త ఉంది. టీకాల రోజున పిలవకూడదు. ఐదేళ్లు దాటిన పిల్లకు బూస్టరు సూది పడేది ఆమె చేతి నుంచే. ఏడుస్తున్న పిల్లలకు ఆమె సహాయకురాలని పాఠం చెబితే ఎవరు నమ్ముతారు? ఇంకోరోజు రమ్మని, స్టెతస్కోపు పెట్టి తమ గుండె తామే వినేలా చేస్తే చాలు. ఇళ్లలో మనం చేసే పాపం కూడా ఇక్కడ చెప్పాలి. అన్నం తినకపోతే పోలీసు పట్టుకుపోతాడనీ, అల్లరి చేస్తే సూది వేయిస్తామనీ పిల్లలను బెదిరిస్తాం. ఆ భయం పట్టుకుని వచ్చిన పిల్ల ముందు టోపీ వేషం కట్టిస్తే భయానికి వేషం వేసినట్టే. చార్టు ఈ భయాన్ని తీయలేదు. మనిషి ఎదురుగా కూర్చుని నవ్వితే తీయగలడు.

ఇప్పుడు మీరెవరూ ప్రణాళికలో రాయని సంగతికి వస్తాను. పల్లెలో పని పేరు కులం పేరు కూడా. పాత వాచకాల నుంచి నేటి వృత్తుల చార్టుల దాకా చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి అని బొమ్మల కింద రాసే అలవాటు పోలేదు. ఆ గదిలో ఆ కులాల పిల్లలు కూర్చుని ఉంటారు. బొమ్మ చూపించి 'ఇది ఎవరు?' అని అడగగానే పక్క పిల్లవాడు వేలు చూపించేది ఆ పిల్ల వైపే. నాలుగేళ్లకే ఆ పిల్లకు తన జీవితం గోడ మీద కనపడుతుంది. దీన్ని మీరు సహాయం గురించిన పాఠం అంటారా?

ఇందుకు విరుగుడు కష్టమేమీ కాదు. బొమ్మ కింద పని రాయండి. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేవాళ్లు, జుట్టు కత్తిరించేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, కాలువ తీసేవాళ్లు. అతిథిని పిలిచేటప్పుడు వరస పెట్టి పిలవమని రాయండి. మా ఊళ్లో కులం ఏదైనా మామా, అన్నా, అక్కా, అవ్వా అనే పిలుపులు ఉన్నాయి, వాటినే గదిలోకి తేవాలి. కాలువ తీసే మనిషి వచ్చిన రోజున ఆయనకు వేసే కుర్చీ, మొన్న ఏఎన్ఎంకు వేసిన కుర్చీయే కావాలి. ఇచ్చే నీళ్ల గ్లాసు టీచరు తాగే గ్లాసే కావాలి. రెండు గ్లాసుల చరిత్ర ఉన్న ఊళ్లు మనవి. పిల్లలు ఆ రోజు విన్న మాటలు మరిచిపోవచ్చు, గ్లాసును మరిచిపోరు. ఈ రెండు వాక్యాలు, కుర్చీ గురించి ఒకటి, గ్లాసు గురించి ఒకటి, టీచర్ల కరదీపికలో అచ్చు వేయడానికి మీకు ఎంత ఖర్చవుతుంది?

ఇంకొక మాట. ఈ పిల్లలకు మగవాళ్లే పని చేస్తారన్న భావం ఎంత తొందరగా పడుతుందో చెప్పడానికి 2016లో బ్రిటన్‌లో చేసిన ఒక ప్రయత్నం చాలు. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలను మంటలు ఆర్పే ఫైర్‌ఫైటర్‌నూ, శస్త్రచికిత్స చేసే డాక్టరునూ, యుద్ధవిమానం నడిపే పైలట్‌నూ గీయమన్నారు. వచ్చిన 66 బొమ్మల్లో 61 మగవాళ్లవి, 5 మాత్రమే ఆడవాళ్లవి. ఆ తర్వాత తలుపు తీసుకుని గదిలోకి వచ్చిన ముగ్గురు అతిథులూ ఆడవాళ్లే. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. ఆ పాఠంలో ఉన్నవి మనకున్నవే: ఒక బొమ్మ, ఒక అతిథి. వరస ఒక్కటే ముఖ్యం. ముందు బొమ్మ, తర్వాత మనిషి. మీ ప్రణాళికలో చార్టు ముందు వస్తుంది, అందుకని పిల్ల మనసులో ఏముందో బయటికి వచ్చే అవకాశమే ఉండదు. బస్సులో టికెట్లు కొట్టే కండక్టరమ్మను పులివెందుల నుంచి ఒకసారి పిలిపిస్తే మా పిల్లలూ నోళ్లు వెళ్లబెడతారు.

ఐదో రోజు మళ్లీ తెల్ల కాగితం, మళ్లీ అదే మాట: నీళ్లు ఎట్లొస్తాయో గీయండి. మొదటి రోజు కాగితాన్ని పక్కన పెట్టి చూడాలి. కొత్తగా ఏం చేరింది? కడ్డీ వచ్చిందా, ట్యాంకీ మెట్లు వచ్చాయా, కొళాయి నుంచి వెనక్కి పోయే పైపు గీత వచ్చిందా, ఆ గీత చివర మనిషి ఉన్నాడా? ఒక్కటి చేరినా పాఠం పట్టినట్టే. రెండు బొమ్మలూ ఒకేలా ఉంటే పిల్ల మొద్దు అని కాదు, ఆ రోజు అతిథి ఉపన్యాసం చెప్పాడని అర్థం. ఇంకో గుర్తు ఆటలో దొరుకుతుంది. మర్నాడు ఎవరూ చెప్పకుండానే ఒక పిల్లవాడు కర్ర నేలకు ఆనించి తిప్పుతూ ఉంటాడు, ఇద్దరు ఆడపిల్లలు ఖాళీ గిన్నెలతో వరస కట్టి 'మా వంతు, మా వంతు' అని పోట్లాడుతుంటారు. ఆ పోట్లాటను ఆపకుండా రెండు నిమిషాలు చూసిన పర్యవేక్షకురాలికి ఏ ఫొటో అక్కరలేదు. డాక్టరు ఏం చేస్తాడు అంటే మందు ఇస్తాడు అని గదంతా ఒక్క గొంతుతో అరవడం మాత్రం దేనికీ రుజువు కాదు. గట్టి గొంతున్న నలుగురు చెబుతారు, మిగతావాళ్లు పెదవులు కదుపుతారు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన దారి కాదు. 1926లో నూతన బాల శిక్షణ సంఘం స్థాపించినవాళ్లలో ఒకరైన తారాబాయి మోడక్, 1945లో బొంబాయి దగ్గరి బోర్డీకి పోయి, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్ కొండల్లో పనిచేశారు. అక్కడి ఆదివాసీ పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకుపోయారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బీళ్లలోనే బడి పెట్టారు. ఆ వాకిలి బడి నుంచే అంగన్‌వాడీ వచ్చింది. వాకిట్లో పుట్టిన దాన్ని మీరు గోడ మీది చార్టులోకి ఎక్కించారు. అమెరికాలో లూసీ స్ప్రేగ్ మిచెల్ 1921లోనే చిన్నపిల్లల కథల పుస్తకం వేసినప్పుడు రాజుల కథలు పక్కనపెట్టి, ఆ పిల్లల వీధిలో కనిపించే బండ్లనూ పడవలనూ పనివాళ్లనూ కథల్లోకి తెచ్చారు. మన దేశంలో 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళికా చట్రమూ, 2024 మార్చిలో వచ్చిన ఆధారశిలా ఆటపాటలనూ మాతృభాషనూ ముందు పెట్టాయి. పైన ఢిల్లీలో ఒప్పుకున్న మాట కింద మా గదికి వచ్చేసరికి రంగుల కాగితంగా ఎందుకు మారుతోంది? మధ్యలో ఉన్నది మీరే కదా?

మా ఊరి గురించి ఒక కఠినమైన సంగతి కూడా చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. గని వ్యర్థాలు నిలవచేసే టెయిలింగ్ పాండ్ చుట్టుపక్కల పల్లెల రైతులు తమ బోర్లలో నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ మాటలు ఇళ్లలో నడుస్తుంటాయి, పిల్లల చెవిన పడతాయి. వాటర్‌మ్యాన్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఆరేళ్ల పిల్ల ఎవరైనా 'ఈ నీళ్లు మంచివేనా మామా?' అని అడగవచ్చు. అప్పుడు టీచరు ఏం చేయాలి? మీ కరదీపికలో దీనికి జవాబు లేదు. నోరు మూయించకూడదు. మంచివేనమ్మా అని తెలియకుండా భరోసా ఇవ్వకూడదు. యురేనియం గురించి నాలుగేళ్ల పిల్లలకు పాఠం చెప్పి భయపెట్టకూడదు. 'మంచి ప్రశ్న అడిగినావు. నీళ్లను పరీక్ష చేసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లను అడుగుదాం' అని చెప్పాలి. చెప్పాక నిజంగా అడగాలి. ఆ ప్రశ్నను టీచరు కాగితం మీద రాసి పంపితే, మా కేంద్రంలో పిల్లలు తాగే నీటి పరీక్ష ఫలితం ఎవరు తెచ్చి ఇస్తారు? పిల్లలకు సహాయపడేవారి చార్టులో ఆ అధికారి బొమ్మ కూడా ఉండాలి కదా? పాఠం రాసే బాధ్యత మీదైతే, ఆ పాఠం పుట్టించే ప్రశ్నకు జవాబు తెప్పించే బాధ్యత కూడా మీదే.

ఇవన్నీ చేయడానికి టీచరుకు తీరిక ఉండాలి. ఆమె చేతిలో ఫోను యాప్‌లూ, కోడిగుడ్ల లెక్కా, తూకాల రిజిస్టర్లూ ఉన్నాయి. అందుకే ఐదుగురు టోపీవాళ్లను వారంలో పరుగెత్తించే బదులు ఒక్కరితో వారం గడపనివ్వండి. ఒక నెలలో ఇద్దరు అతిథులు వస్తే అదే ఎక్కువ. మిగతావాళ్లు మరుసటి ఏడు వస్తారు, ఎలాగూ మూడేళ్ల పిల్ల ఆ గదిలోనే ఇంకా రెండేళ్లు ఉంటుంది.

నేను అడిగేవి ఇవి. వచ్చే జూన్‌కు అచ్చయ్యే చార్టులో సగం గడులు ఖాళీగా వదలండి, ఆ ఊరి మనుషుల బొమ్మలు ఆ ఊరి పిల్లలే గీసి అంటిస్తారు. రంగు నింపే పుస్తకానికి పెట్టే డబ్బుతో తెల్ల కాగితాలూ మైనపు రంగులూ పంపండి. ఇరవై మంది పిల్లలకు ఒక పాఠానికి నలభై కాగితాలు చాలు. వేషాల ఫొటో అడగడం ఆపండి, కోటు కొనలేని ఇంటి పిల్ల ఆ రోజు బడి మానేస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు రెండు బొమ్మలు చూపించమనండి, అతిథికి ఏ కుర్చీ వేశారో అడగమనండి. ఈ మార్పులకు కొత్త పథకం గానీ, కొత్త పేరు గానీ అవసరం లేదు. మీ సంతకం ఉన్న ఒక ఉత్తరువు చాలు. అది మా కేంద్రానికి వచ్చిన రోజున, నీళ్లు వదలడం అయ్యాక వాటర్‌మ్యాన్ మామను నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తాను.

ఇట్లు,
అంగన్‌వాడీ పనిలో తల నెరిసిన ఒక అవ్వ,
తుమ్మలపల్లె